ప్రతి మాటకూ ఓ ఓచర్

విజయవాడ ఆటోనగర్‌లో లారీ విడిభాగాల డిస్ట్రిబ్యూటర్ దగ్గర పద్నాలుగేళ్లుగా లెక్కలు చూస్తున్న ఒకావిడ ఉన్నారనుకుందాం. వయసు 38. బీకాం చదివారు, సీఏ ఇంటర్ దాటారు, ఫైనల్ దగ్గర ఆగిపోయారు. టాలీ, జీఎస్టీ, టీడీఎస్, బ్యాంకు రీకన్సిలియేషన్ అన్నీ కళ్లు మూసుకుని చేయగలరు. పిల్లలు నిద్రపోయాక రాత్రుళ్లు కూర్చుని ఏడాది పాటు ఎస్క్యూఎల్, పవర్ బీఐ నేర్చుకున్నారు. డేటా అనలిటిక్స్‌లోకి మారాలని కోరిక. ఒక ఆదివారం ఎప్పుడో తెరిచి వదిలేసిన లింక్డిన్ ఖాతాలోకి వెళ్లి, పేరు కింది వరుసలో ‘అకౌంటెంట్’ కొట్టేసి ‘యాస్పైరింగ్ డేటా అనలిస్ట్’ అని రాశారు. మూడు నెలలు గడిచాయి. ఒక్క ఫోనూ రాలేదు.

ఆవిడ చేసిన పని చాలామంది అకౌంటెంట్లు చేసేదే. అందులో పొరపాటు ఎక్కడుందో తెలియాలంటే బల్లకు అవతలి వైపు కూర్చోవాలి. ఉద్యోగులను వెతికే రిక్రూటర్ మన ప్రొఫైల్‌ను పుస్తకంలా చదవరు. వాళ్లకు లింక్డిన్‌లో డబ్బు కట్టి వాడుకునే వేరే తెర ఉంటుంది. అందులో హోదా పేరు, ఊరు, నైపుణ్యాలు, ఎన్నేళ్ల అనుభవం అన్న గడులు నింపుతారు. జాబితా వస్తుంది. అందులో ఒక్కొక్కరిది ఫొటో, పేరు, పేరు కింది వరుస, ప్రస్తుత ఉద్యోగం పైపైన కనిపిస్తాయి. అక్కడ నచ్చితేనే లోపలికి వెళ్తారు. ‘యాస్పైరింగ్’ అనే మాటను ఆ గడిలో ఎవరూ టైపు చేయరు. పైగా ఆ మాట చూడగానే ‘ఈ పని ఇంకా చేయలేదు’ అని అర్థమైపోతుంది. మన నోటితో మనమే చెప్పుకున్నట్టు.

అంతకంటే పెద్ద చిక్కు అనుభవం గడిలో ఉంది. కొత్తగా చేరే డేటా అనలిస్ట్ కోసం వెతికే రిక్రూటర్ ‘0 నుంచి 3 ఏళ్లు’ అని పెడతారు. పద్నాలుగేళ్లున్న మనిషి ఆ వలలో పడరు. సీనియర్ కోసం వెతికేవాళ్లకేమో ఆ పనిలోనే ఏడెనిమిదేళ్లు కావాలి. అక్కడా పడరు. ఎంత అందంగా రాసినా ప్రొఫైల్ ఈ గోడను పడగొట్టలేదు. అందుకే రాయడానికి కూర్చునే ముందే గమ్యాన్ని కాస్త పక్కకు జరుపుకోవాలి. పాత పద్నాలుగేళ్లు లెక్కలోకి వచ్చే కొత్త పని ఏది? కంపెనీల ఆర్థిక విభాగాల్లో బడ్జెట్లు, అంచనాలు, నివేదికలు చూసే అనలిస్టులున్నారు. జీఎస్టీ సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంస్థల్లో ఆ సాఫ్ట్‌వేర్‌ను కస్టమర్ దగ్గర అమర్చిపెట్టేవాళ్లున్నారు. ఈఆర్పీ ప్రాజెక్టుల్లో ఫైనాన్స్ మాడ్యూల్ చూసే కన్సల్టెంట్లున్నారు. ఈ చోట్లలో డెబిట్, క్రెడిట్ తెలియడం అదనపు యోగ్యత కాదు, మొదటి యోగ్యత. మన ఆవిడకు నా సలహా ‘డేటా అనలిస్ట్’ కాదు, ‘ఫైనాన్స్ డేటా అనలిస్ట్’. పూర్తిగా తిరగనక్కర్లేదు, సగం తిరిగితే చాలు.

ఆ తర్వాతి పని అకౌంటెంటుకు బాగా అలవాటైనదే. గమ్యానికి సరిపోయే ఉద్యోగ ప్రకటనలు ఇరవై తీసుకుని ఒక ఎక్సెల్ షీట్ తెరవాలి. ప్రకటనలో కనిపించిన ప్రతి పనిముట్టు పేరునూ, ప్రతి పని పేరునూ ఒక్కో వరుసగా రాసి, ఎన్ని ప్రకటనల్లో వచ్చిందో ఎదురుగా వేసుకోవాలి. ఒక సాయంత్రం పని. ఇరవైలో పదిహేనింట వచ్చిన మాట, రెండింట వచ్చిన మాట ఏవో తేలిపోతాయి. ఎక్కువసార్లు వచ్చినవాటిలో తాను నిజంగా చేయగలిగినవే ప్రొఫైల్‌లోకి వెళ్లాలి. ఈ షీట్ లేకుండా రాస్తే మనకు నచ్చిన మాటలు రాసుకుంటాం. వాళ్లు వెతికేవి వేరే ఉంటాయి. మనం ‘ఎంఐఎస్ రిపోర్టులు’ అంటున్నదాన్నే అవతలివాళ్లు ‘డ్యాష్‌బోర్డ్’ అంటున్నారని చాలామందికి తెలిసేది ఇక్కడే.

పేరు కింది వరుసకు లింక్డిన్ 220 అక్షరాల దాకా ఇస్తుంది. మనం ఏమీ రాయకపోతే ప్రస్తుత హోదా, కంపెనీ పేరు తెచ్చి అదే నింపుకుంటుంది. మన ఆవిడ షీట్ చూసుకుని రాయగలిగింది ఇలా ఉండొచ్చు: ‘ఫైనాన్స్ డేటా అనలిటిక్స్ | పవర్ బీఐ, ఎస్క్యూఎల్, పవర్ క్వెరీ | జీఎస్టీ, అకౌంట్స్‌లో 14 ఏళ్లు’. తెర మీద ఇది ఇంగ్లిషులోనే ఉంటుందనుకోండి. ‘అనలిస్ట్’ అనకుండా ‘అనలిటిక్స్’ అనడం గమనించండి. మొదటిది హోదా, అది ఇంకా ఎవరూ ఇవ్వలేదు. రెండోది పని, అది చేస్తున్నారు. వెతికే మాటకు దగ్గరగానూ ఉంది, అబద్ధమూ కాదు.

కింద ఉద్యోగాల వరుసలో మాత్రం హోదా ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో ఏముంటుందో అదే ఉండాలి. అకౌంటెంట్ అయితే అకౌంటెంటే. పేరున్న కంపెనీలు చేర్చుకునే ముందు బయటి సంస్థలతో వివరాలు సరిచూపిస్తాయి. రిలీవింగ్ లెటర్, ఫారం-16, పీఎఫ్ ఖాతాలో యూఏఎన్ కింద కనిపించే సర్వీసు తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తారు. నౌకరీలో పెట్టిన రెజ్యూమెలో ఒక తేదీ, లింక్డిన్‌లో మరో తేదీ, పీఎఫ్‌లో ఇంకో తేదీ ఉంటే, కారణం ఎంత చిన్నదైనా సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది. ట్రయల్ బ్యాలెన్స్ టాలీ కాకుండా ఇంటికి వెళ్లని మనుషులు తమ సొంత తేదీలను టాలీ చేసుకోకపోవడం నాకెప్పుడూ వింతగానే తోస్తుంది. మరో మాట: ఇంటర్ దాటి ఆగినవాళ్లు పేరు పక్కన సీఏ అని పెట్టుకోకూడదు. ఇన్‌స్టిట్యూట్‌లో సభ్యత్వం లేకుండా ఆ హోదా వాడుకోవడం 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం కింద శిక్షార్హం. ‘సీఏ ఇంటర్’ అని చదువు విభాగంలో రాసుకుంటే దానికీ విలువ ఉంది.

ఇక అసలు పని, ఆ పద్నాలుగేళ్లను తిరగరాయడం. పాత ప్రొఫైల్‌లో ఒక్క వాక్యం ఉంది: రోజువారీ ఖాతాలు, జీఎస్టీ రిటర్నులు, టీడీఎస్, రీకన్సిలియేషన్ బాధ్యతలు చూశాను. ఇది ఆటోనగర్‌లో ఏ అకౌంటెంట్ పేరు మీద పెట్టినా సరిపోతుంది. దీన్ని అనలిటిక్స్ భాషలోకి మార్చమంటే కొందరు ‘డేటా ఆధారిత నిర్ణయాలకు తోడ్పడ్డాను’ అని రాస్తారు. అది మరీ అన్యాయం. మొదటి వాక్యంలో పనైనా ఉంది, రెండోదాంట్లో అదీ లేదు. చేయాల్సింది పెద్ద మాటలు వెతకడం కాదు, చేసిన పనుల్లో ఒకదాన్ని పట్టుకుని విప్పడం.

మన ఆవిడ విషయంలో ఆ పని జీఎస్టీఆర్-2బీ సరిచూడటం. సరఫరాదారులు తమ జీఎస్టీఆర్-1లో చూపించిన ఇన్‌వాయిస్‌లు ప్రతి నెలా 14న మన 2బీలోకి వస్తాయి. నెలవారీ రిటర్న్ వేసేవాళ్లు 20వ తేదీలోగా 3బీ దాఖలు చేయాలి. 2022 జనవరి నుంచి 2బీలో కనిపించిన ఇన్‌వాయిస్ మీదే ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవాలి. అంటే ఆ ఆరు రోజుల్లో టాలీలోని కొనుగోలు రిజిస్టరునూ 2బీనీ వరుస వరుసగా పోల్చాలి. నెలకు 600 ఇన్‌వాయిస్‌లు, 45 మంది సరఫరాదారులు అనుకుందాం. చెప్పినంత తేలిక కాదు. సరఫరాదారు ‘INV/0023/24-25’ అని వేస్తే ఇక్కడ కుర్రాడు ‘23’ అని ఎక్కించి ఉంటాడు. నెలాఖరు బిల్లు వాళ్ల దగ్గర మార్చి, మన దగ్గర సరుకు దిగిన ఏప్రిల్. పైసల సవరింపులో రూపాయి తేడా. ఒకే కంపెనీకి రెండు రాష్ట్రాల్లో రెండు జీఎస్టీ నంబర్లు ఉంటే తప్పు నంబరు మీద పడ్డ బిల్లు.

మొదట్లో ఆవిడ వీలుకప్‌తో రెండు రోజులు కూర్చునేవారు. తర్వాత ఎక్సెల్‌లోనే ఉండే పవర్ క్వెరీ నేర్చుకుని, బిల్లు నంబర్లలోంచి అక్షరాలు, గీతలు, ముందు సున్నాలు, ఆర్థిక సంవత్సరం తీసేసే వరుస ఒకటి కట్టారు. జీఎస్టీ నంబరు, శుభ్రం చేసిన బిల్లు నంబరు కలిపి ఒక తాళంచెవిలా చేసి రెండు జాబితాలను జత చేశారు. రూపాయి లోపు తేడాను వదిలేసి, మిగిలినవాటిని నాలుగు రకాలుగా విడగొట్టారు: మన దగ్గర ఉండి అక్కడ లేనివి, అక్కడ ఉండి ఇక్కడ లేనివి, మొత్తంలో తేడా ఉన్నవి, నెల మారినవి. ఇప్పుడు ప్రతి నెలా కొత్త ఫైలు పెట్టి రిఫ్రెష్ నొక్కితే జాబితా వస్తుంది. ఫోన్లు చేయడానికి, సరిచేయించడానికి మిగతా పూట పడుతుంది.

దీన్నే అనలిటిక్స్‌లో డేటా క్లీనింగ్ అంటారు, కీ తయారుచేసి జత చేయడం అంటారు, ఎక్సెప్షన్ రిపోర్ట్ అంటారు. ఆవిడ చేస్తూనే ఉన్నారు, పేరు తెలియక చెప్పుకోలేదు. కాబట్టి ప్రొఫైల్‌లో ఇలా రాయాలి: ‘నెలకు సుమారు 600 కొనుగోలు ఇన్‌వాయిస్‌లను జీఎస్టీఆర్-2బీతో జత చేసే పవర్ క్వెరీ విధానం కట్టాను. బిల్లు నంబర్లు శుభ్రం చేసి, తేడాలను నాలుగు రకాలుగా విడగొట్టే జాబితా దాన్నుంచి వస్తుంది. రెండు రోజులు పట్టే సరిచూపు ఇప్పుడు ఒక పూటలో పూర్తవుతోంది.’ ఇలాంటివి మూడు చాలు. బాకీల వయసు లెక్క ఒకటి, కదలని సరుకు పట్టిక ఒకటి. మిగతా దినచర్యంతా చివర ఒక్క వాక్యంలో సర్దేయొచ్చు.

అంకెల దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. 600 అంటే ఎక్కడిది? టాలీలో కొనుగోలు ఓచర్ల లెక్క తీసి పన్నెండు నెలలకు సగటు చూసినది. ‘రెండు రోజులు’ తనకు తెలిసినదే. కానీ ‘సామర్థ్యం 70 శాతం పెంచాను’ అని ఎవరో చెబితే రాసుకున్నదానికి ఓచర్ ఏదీ? ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది. కొలవనిదానికి శాతం వేయొద్దు. అలాగే ప్రస్తుత యజమాని టర్నోవరు, ఏ కంపెనీ నుంచి ఎంతకు కొంటారు, ఎవరు ఎంత బాకీ అన్నవి మన అంకెలు కావు. ఎన్ని ఇన్‌వాయిస్‌లన్నది పని పరిమాణం. ఎన్ని కోట్లన్నది వ్యాపార రహస్యం.

చెప్పినదాన్ని చూపించడానికి ప్రొఫైల్‌లో ‘ఫీచర్డ్’ అనే విభాగం ఉంది. ఒక ఫైలో, లింకో పైన తగిలించుకోవచ్చు. రంగం మారేవాళ్లకు నా లెక్కలో సర్టిఫికెట్ల వరుస కంటే ఇది బరువైనది. సర్టిఫికెట్ వీడియోలు చూసినట్టు చెబుతుంది, ఇది పని చేసినట్టు చూపిస్తుంది. కానీ అకౌంటెంట్లు ప్రమాదంలో పడేదీ ఇక్కడే. ఆఫీసు ఫైలులో పేర్లు మార్చి పెట్టేస్తే సరిపోతుందనుకుంటారు. జీఎస్టీ నంబరులో మూడో అక్షరం నుంచి పన్నెండో అక్షరం దాకా ఉన్నది ఆ వ్యాపారి పాన్ నంబరే. పేరు తీసేసి నంబరు ఉంచితే ఎవరో తెలిసిపోతారు. ఇంకోటి పివట్ టేబుల్. కింది డేటా షీట్ తొలగించి పివట్ ఒక్కటే ఉంచినా, ఎక్సెల్ ఆ డేటా నకలును లోపల దాచుకుని ఉండొచ్చు. అలా ఉన్నప్పుడు ఎవరైనా పివట్‌లోని మొత్తం మీద రెండుసార్లు క్లిక్ చేస్తే, దాని వెనకున్న వరుసలన్నీ పార్టీ పేర్లతో సహా కొత్త షీట్‌లో పరుచుకుంటాయి. పార్టీ పేర్లు మార్చిన ఫైలు బయటికి పంపే ముందు ఒక్కసారి అలా నొక్కి చూసుకోండి, ఒళ్లు జలదరిస్తుంది.

అందుకని ఆఫీసు ఫైలు ఊసే వద్దు. 45 కల్పిత సరఫరాదారులను, 600 కల్పిత బిల్లులను తానే తయారుచేసి, నిజ జీవితంలో ఎదురైన తప్పులన్నీ వాటిలో తానే చల్లుకోవాలి. ముందు సున్నాలు, నెల మార్పులు, రూపాయి తేడాలు. ఇలా తప్పులు చల్లగలగడమే ఆవిడ అనుభవానికి రుజువు. ఇరవై మూడేళ్ల కుర్రాడికి ఎస్క్యూఎల్ ఇంకా బాగా వచ్చి ఉండొచ్చు, కానీ బిల్లు నంబర్లు ఎన్ని రకాలుగా చెడిపోతాయో తెలియదు. మొదటి పేజీలోనే ‘ఇది కల్పిత డేటా’ అని రాసి పెట్టాలి.

దాన్ని బయటపెట్టేటప్పుడు ఒక చిన్న అడ్డంకి. పవర్ బీఐ డెస్క్‌టాప్ ఉచితమే, ఇంట్లో కంప్యూటర్‌లో నివేదిక తయారుచేసుకోవచ్చు. కానీ దాన్ని ఆన్‌లైన్‌లో పెట్టే సర్వీసు జీమెయిల్ లాంటి సొంత ఈమెయిల్‌తో చేరనివ్వదు, ఆఫీసుదో కాలేజీదో అడుగుతుంది. ఆఫీసు ఈమెయిల్‌తో ఈ పని చేయకూడదని వేరే చెప్పనక్కర్లేదు. తేలిక దారి ఏమిటంటే నివేదిక పేజీలను పీడీఎఫ్‌గా తీసి, మొదటి పేజీలో సమస్య ఏమిటో, ఎలా విడగొట్టారో పది వాక్యాల్లో రాసి ‘ఫీచర్డ్’లో పెట్టడం. ఆ నాలుగు పేజీలు చాలు.

‘అబౌట్’ అనే భాగం గురించి ఎక్కువ చెప్పను. 2,600 అక్షరాలు ఇస్తారు గానీ తెర మీద మొదటి నాలుగైదు వరుసలే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. ఎందుకు మారుతున్నారన్నది ఆ వరుసల్లోనే ఉండాలి. మారడానికి కారణం ‘చిన్నప్పటి నుంచీ డేటా అంటే ఇష్టం’ కాదు. 2బీ సరిచూడటానికి కట్టిన ఆ వరుసే కారణం. అదే రాయాలి.

ఇదంతా యజమానికి తెలియకుండా జరగాలి కదా. ఆటోనగర్‌లో ఒక దుకాణంలో తుమ్మితే నాలుగు దుకాణాల్లో ‘చిరంజీవ’ అంటారు. ప్రొఫైల్‌లో చెయ్యి పెట్టకముందే సెట్టింగుల్లోకి వెళ్లి `Share profile updates with your network` అన్నదాన్ని ఆపేయాలి. లేదంటే చేసే మార్పుల్లో కొన్ని పరిచయస్తులకు కబురుగా వెళ్లొచ్చు. ఉద్యోగం వెతుకుతున్నట్టు తెలిపే `Open to work`లో రెండు దారులున్నాయి. అందరికీ కనిపించేలా పెడితే ఫొటో చుట్టూ ఆకుపచ్చ పట్టీ వస్తుంది. రిక్రూటర్లకే అని పెడితే పట్టీ రాదు. మన కంపెనీ రిక్రూటర్లకు కనిపించకుండా చూస్తామని లింక్డిన్ అంటుంది, పూర్తి హామీ మాత్రం ఇవ్వదు. చిన్న సంస్థలో అసలు రిక్రూటరే ఉండరు కాబట్టి ఆ భయం తక్కువ. అసలు భయం ఆడిటర్ గారి ఆఫీసు పిల్లలు పేరు కింది వరుస చదవడం. ఆ వరుసలో ఉద్యోగ వేట గురించి ఒక్క ముక్కా లేకపోవడానికి ఇది రెండో కారణం. ‘జీఎస్టీ పనికి పవర్ బీఐ నేర్చుకున్నాను సార్’ అంటే అది నిజమే, యజమానికి లాభమే.

పెట్టాక రోజూ చూసుకుని బెంగపడక్కర్లేదు. ఎన్ని వెతుకులాటల్లో మన పేరు కనిపించిందో లింక్డిన్ చెబుతుంది. వెతికినవాళ్లు ఎక్కడ పనిచేసేవాళ్లో కూడా కొంతవరకు చూపిస్తుంది. ప్రొఫైల్ తెరిచిచూసినవాళ్ల లెక్క వేరే ఉంటుంది. మూడు వారాలకోసారి ఈ రెంటినీ పక్కన రాసుకుంటే జబ్బు ఎక్కడో తెలుస్తుంది. వెతుకులాటల్లోనే రాకపోతే మాటలు తప్పు, మళ్లీ ఆ ఇరవై ప్రకటనల షీట్ దగ్గరికి వెళ్లాలి. కనిపిస్తున్నా ఎవరూ లోపలికి రాకపోతే పేరు కింది వరుసను మార్చి చూడాలి. లోపలికి వచ్చి తిరిగి వెళ్లిపోతుంటే అనుభవం దగ్గర రాసినది వాళ్లను నమ్మించలేదని అర్థం.

మన ఆవిడకు మొదట వచ్చే కబురు బహుశా ఇలా ఉంటుంది: ‘మేడమ్, హైదరాబాద్‌లో జీఎస్టీ ఎగ్జిక్యూటివ్ పోస్టు ఉంది, జీతం ఇప్పటికంటే ఎక్కువ.’ ఒకటి వస్తే యాదృచ్ఛికం. వరసగా మూడు వస్తే ప్రొఫైల్ ఇంకా పాత పనినే గట్టిగా చెబుతోందని లెక్క. అప్పుడు నైపుణ్యాల జాబితా తెరిచి చూస్తే టాలీ, టీడీఎస్, ఫైలింగ్ పైన కూర్చుని, పవర్ క్వెరీ పన్నెండో వరుసలో ఉంటుంది. వరస మార్చి, పాతవాటిలో సగం తీసేయాలి. జీఎస్టీ ఒక్కటి మాత్రం ఉంచాలి. కొత్త ఉద్యోగానికి పిలిచేవాళ్లు ఆవిడను కుర్రాళ్ల వరుసలోంచి వేరు చేసి చూసేది దాన్ని బట్టే. ఆ పిలుపు వచ్చాక అడిగే మొదటి ప్రశ్న కూడా చాలావరకు ఊహించవచ్చు: ‘సరఫరాదారు బిల్లు నంబరు తప్పు వేస్తే మీ క్వెరీ ఎలా పట్టుకుంటుంది?’ ఆ ప్రశ్నకు ఆవిడ నెలనెలా 14కీ 20కీ మధ్య జవాబు చెబుతూనే ఉన్నారు.